బస్తా పోగు నుంచి నూలు దాకా: స్పిన్నింగ్ మిల్లులో మా విద్యార్థి బృందం చూసినవి, నేర్చుకున్నవి

మన సొసైటీ సహాయంతో తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో చదువుకుంటున్న విద్యార్థినీ విద్యార్థులం, కుట్టు శిక్షణ తీసుకుంటున్న అక్కచెల్లెళ్లం కలిసి ఈ ఏడాది ఒక నూలు మిల్లు చూసి వచ్చాం. బాపట్ల వాళ్లు, రేపల్లె వాళ్లు ఉదయం రైళ్లలో తెనాలి చేరారు. అక్కడి నుంచి అందరం ఒకే బస్సులో గుంటూరు మీదుగా చిలకలూరిపేట వైపు వెళ్లాం. చిలకలూరిపేట, గణపవరం చుట్టుపక్కల నూలు మిల్లులు చాలానే ఉన్నాయి. పల్నాడు నల్లరేగడి పత్తి దగ్గరలో దొరకడం, జాతీయ రహదారి పక్కనే ఉండడం అందుకు కారణాలు. మమ్మల్ని లోపలికి రానిచ్చిన మిల్లు వారు తమ పేరు అచ్చులో వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ప్రయాణానికి దాతలు ఇచ్చిన సొమ్ము లెక్క కోశాధికారి గారి నివేదికలో ఉంటుంది. ఆ సొమ్ముతో మేము ఏం తెలుసుకున్నామో ఇక్కడ రాస్తున్నాం.

మేము పట్టుకెళ్లిన ప్రశ్న

మా కుట్టు తరగతిలో ఒక అక్క ముదురు నీలం కాటన్ గుడ్డతో చుడీదార్ కుట్టి ఇచ్చింది. ఇస్త్రీ చేసి చూస్తే ముందు భాగంలో వెంట్రుకంత సన్నటి తెల్ల గీతలు నాలుగైదు కనిపించాయి. కుట్టు దారమేమో అని సూదితో లాగితే రాలేదు. గుడ్డ నేతలోనే ఉన్నాయి. డ్రస్సు వెనక్కి వచ్చింది, గుడ్డ ఖరీదు ఆ అక్క మీద పడింది. రంగు సరిగా అద్దలేదని కొందరం, నేత తప్పని కొందరం అనుకున్నాం. నూలు తయారయ్యే చోటే అడుగుదామని ఆ ముక్కను కత్తిరించి సంచిలో పెట్టుకుని వెళ్లాం.

మిల్లులో క్వాలిటీ ల్యాబ్ చూసే సారు దాన్ని దీపం కింద పెట్టి ఒక్క చూపు చూశారు. "ఇది అద్దకం తప్పు కాదమ్మా, నేత తప్పూ కాదు. యూరియా బస్తా" అన్నారు. మాకు అర్థం కాలేదు. అర్థమవడానికి మిల్లంతా తిరగాల్సి వచ్చింది. అందుకే మా గమనికలను కూడా ఆ బస్తా పోగు నడిచిన దారిలోనే రాస్తున్నాం.

మొదటి గమనిక: పత్తి ఏరే గది

లోపలికి వెళ్లే ముందు ఆడపిల్లలందరి చున్నీలు, బుర్ఖా అంచులు బిగించి పిన్నులు పెట్టించారు. తలకు టోపీలు ఇచ్చారు. చున్నీ సంగతి యంత్రాల్లో చిక్కుకోకుండా అని వెంటనే తెలిసింది. టోపీ ఎందుకో ఈ గదిలో తెలిసింది. మన తల వెంట్రుక పత్తిలో పడకూడదట.

జిన్నింగ్ మిల్లులో గింజ తీసేసిన దూదిని గట్టిగా నొక్కి బేలు కడతారు. మన దేశంలో బేలు అంటే 170 కిలోలు. ఆ బేళ్లు విప్పి దూదిని పొడవాటి బల్లల మీద పరిస్తే, ఇరువైపులా ఆడవాళ్లు నిలబడి చేత్తో విడదీస్తూ ఏరుతున్నారు. ఒక్కొక్కరి పక్కన చిన్న డబ్బా ఉంది. అందులో మేము చూసినవి: జనపనార పురికొస ముక్కలు, కోడి ఈక, పొడవాటి వెంట్రుకలు, ఎర్ర గుడ్డ పేలిక, గుట్కా ప్యాకెట్ చింపు, వీటన్నిటికంటే ఎక్కువగా తెల్లటి ప్లాస్టిక్ పోగులు. ఎరువుల బస్తా, బియ్యం బస్తా అంచు చిరిగితే వేలాడే పోగులు అవే.

ఏరుతున్న ఒక పెద్దావిడను అడిగాం. "ఎరుపు, నలుపు కంటికి ఆనతాయి తల్లీ. ఈ తెలుపే పత్తిలో పత్తి అయిపోద్ది" అంది. చేను నుంచి పత్తి ఎలా వస్తుందో మాలో పల్లెటూరి వాళ్లకు కొత్త కాదు. తీసిన పత్తిని ఖాళీ యూరియా బస్తాల్లో కుక్కి, మూతి పురికొసతో కుట్టి ఆటో ఎక్కిస్తారు. నూలు గుడ్డ సంచి కొనాలంటే డబ్బు కావాలి, యూరియా బస్తా ఇంట్లో ఉచితంగా ఉంటుంది. పత్తి తీసే కూలి కిలోల లెక్కన ఇస్తారు కాబట్టి ఆకు, పుల్ల ఏరే తీరిక కూడా కూలీలకు ఉండదు. శుభ్రంగా తెచ్చిన పత్తికి, బస్తా పోగులున్న పత్తికి అమ్మకంలో ధర తేడా రాకపోతే రైతును తప్పు పట్టడం న్యాయం కాదని మాలో చాలామందికి అనిపించింది.

రెండో గమనిక: యంత్రాల వరుస

ఏరిన దూది గొట్టాల గుండా బ్లోరూమ్‌కు వెళుతుంది. అక్కడ ముళ్లున్న రోలర్లు దూదిని కొట్టి విప్పుతాయి. బరువైన గింజ ముక్కలు, ఆకు పొడి కిందికి రాలిపోతాయి. తర్వాత కార్డింగ్ యంత్రంలో సన్నటి తీగ పళ్లు పీచును పీచు నుంచి దువ్వి విడదీసి, వేలంత లావు మెత్తటి తాడుగా బయటికి వదులుతాయి. మిల్లులో దీన్ని స్లైవర్ అంటారు. రాట్నం వడికేవాళ్లు ఏకు అనేదానికి ఇది తెగని పొడవాటి రూపం.

ఇలాంటి ఆరో ఎనిమిదో స్లైవర్లను డ్రాయింగ్ యంత్రంలో ఒకేసారి పెట్టి, కలిపి సాగదీసి మళ్లీ ఒకే స్లైవర్‌గా తీస్తారు. కలిపి విడదీయడం ఎందుకని అడిగితే, ఒకదాని సన్నటి చోటు మీద ఇంకొకదాని లావు చోటు పడి సర్దుకుంటుందని చెప్పారు. మేలురకం నూలుకు మధ్యలో కోంబర్ అనే యంత్రం పొట్టి పీచునంతా దువ్వి తీసేస్తుంది. ఆ తర్వాత సింప్లెక్స్, దాని తర్వాత రింగ్ ఫ్రేమ్.

రింగ్ ఫ్రేమ్ హాలులో అడుగు పెట్టగానే మాట వినిపించలేదు. వరుసకు వందల కదుళ్లు తిరుగుతున్నాయి. ఆ రోజు 40 నంబరు నూలు తీస్తున్న ఫ్రేమ్ మీద కదురు నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతోంది. ఇంత వేగంలో నూలు ఎంత వస్తుందో సారు మాచేతే లెక్క కట్టించారు. ఈ నూలుకు అంగుళానికి సుమారు 25 మెలికలు పడాలి. 18,000ను 25తో భాగిస్తే నిమిషానికి 720 అంగుళాలు, అంటే 18 మీటర్లు. ఎనిమిది గంటల షిఫ్టులో ఒక కదురు ఎక్కడా ఆగకపోతే తీసేది ఎనిమిదిన్నర వేల మీటర్ల పైచిలుకు. వినడానికి చాలా ఎక్కువే, తూకానికి మాత్రం అది 130 గ్రాములకు మించదు. మిల్లుకు అన్ని వేల కదుళ్లు ఎందుకు కావాలో అప్పుడు తెలిసింది. పోగు తెగినప్పుడల్లా ఆ కదురు పని ఆగిపోతుంది. కార్మికురాలు వచ్చి అతికేదాకా వచ్చే దూదిని ఒక గొట్టం పీల్చేస్తూ ఉంటుంది. అందుకే హాలంతా ఎవరూ నిలబడి ఉండరు, తెగిన పోగు కోసం నడుస్తూనే ఉంటారు.

బస్తా పోగు ఎలా తప్పించుకుంటుంది

ఇన్ని యంత్రాలు దాటి ప్లాస్టిక్ ఎలా వస్తుందన్నది మా అసలు సందేహం. గింజ ముక్కను, ఆకును బ్లోరూమ్ తీసేయగలగడానికి కారణం అవి దూది కంటే బరువుగా, గట్టిగా ఉండడం. బస్తా పోగు అలా కాదు. అది చదునైన సన్నటి పట్టీ. ముళ్ల రోలర్ దెబ్బకు అది రాలకుండా నిలువుగా చీలి సన్నటి పీచులవుతుంది. కార్డింగ్ పళ్లు దాన్ని ఇంకా దువ్వుతాయి. శుభ్రం చేసే యంత్రమే ప్లాస్టిక్‌ను పీచుగా మార్చి దూదిలో కలిపేస్తోందన్నమాట. అందుకే ఏరే పని యంత్రాలకు ముందే, చేత్తోనే జరగాలి.

మిల్లులో కెమెరాల కాపలా కూడా ఉంది. గొట్టంలో దూది పారుతుండగా కెమెరాలు చూసి, రంగు తేడా ఉన్న ముక్క కనిపిస్తే గాలి ఊది పక్కకు నెట్టేస్తాయి. ఎర్ర పేలిక, నల్ల వెంట్రుక వీటికి బాగా దొరుకుతాయి. తెల్ల ప్లాస్టిక్ కోసం అతినీలలోహిత దీపాలు, వేరే రకం సెన్సర్లు ఉన్నా, బాగా చీలిన పీచు వాటినీ దాటిపోగలదు. చివరగా ఆటోకోనర్ మీద నూలును కోనుకు చుట్టేటప్పుడు ఇంకో సెన్సర్ తేడా కనిపెట్టి ఆ ముక్కను కత్తిరించి, రెండు కొసలను గాలితో అతుకుతుంది. అక్కడ కూడా నూలు తెలుపు, ప్లాస్టిక్ తెలుపు. పైగా కోత పెట్టిన ప్రతిసారీ యంత్రం క్షణకాలం ఆగుతుంది, నూలులో ఒక అతుకు పడుతుంది. మరీ సున్నితంగా పెడితే పని సాగదు, మరీ వదులుగా పెడితే పోగు దాటిపోతుంది. ఎక్కడ పెట్టాలో కొనేవారి కోరికను బట్టి ఉంటుందని చెప్పారు.

దాటిపోయింది నేతలోనూ కనిపించదు. గుడ్డ అద్దకంలో మునిగినప్పుడే బయటపడుతుంది. పత్తికి పట్టే రంగు ఆ ప్లాస్టిక్‌కు పట్టదు కాబట్టి, నీలం గుడ్డలో అది తెల్లగానే మిగిలిపోతుంది. మా అక్క చుడీదార్ మీది గీత అదే.

ఒక్క గ్రాము ప్లాస్టిక్ ఎంత చేటు చేస్తుందో ల్యాబులో కూర్చుని లెక్క వేశాం. బస్తా నేతలో వాడే పట్టీ ఒక రకం గ్రాముకు సుమారు 9 మీటర్లు తూగుతుంది. అది 3 సెంటీమీటర్ల ముక్కలుగా తెగిందనుకుంటే 300 ముక్కలు. ఒక్కొక్కటి నిలువుగా చీలితే ఇంకా ఎక్కువ, కానీ మేము 300 అనే ఉంచాం. 170 కిలోల బేలులో వ్యర్థం పోగా 145 కిలోల నూలు వచ్చిందనుకుందాం. చొక్కాకు పావు కిలో గుడ్డ చొప్పున 580 చొక్కాలు. 300 ముక్కలు సమంగా పంచుకుంటే, ఒక్క గ్రాము బస్తా పోగుతో ఇంచుమించు చొక్కా విడిచి చొక్కాకు ఒక తెల్ల గీత. ఇవి మేము అనుకున్న అంకెలు, మిల్లు కొలిచినవి కావు. అయినా ఏరే బల్ల దగ్గర ఆ పెద్దావిడ ఒక్కో పోగు కోసం ఎందుకంతగా వంగి చూస్తోందో ఈ లెక్కతో తెలిసింది.

మూడో గమనిక: నూలు నంబరు

ఇది మా ప్రశ్నకు సంబంధించింది కాదు. కానీ లెక్కలు ఇష్టమైన తమ్ముళ్లు ల్యాబు వదిలి రాలేదు కాబట్టి కొంచెం రాస్తాం.

దుకాణంలో 40, 60, 80 అంటారు కదా, అది నూలు సన్నదనం. 840 గజాల పొడవున్న చిలపలు ఎన్ని కలిపితే ఒక పౌను తూగుతాయో అదే నంబరు. 40 నంబరుకు 40 చిలపలు కావాలి, 80కి 80 కావాలి. కాబట్టి నంబరు పెరిగితే నూలు సన్నం. ఇంత పొడవు రోజూ తూచలేరు కాబట్టి ల్యాబులో 120 గజాలు మాత్రం చుట్టి, గ్రాముల్లో తూచి, 64.8ని ఆ బరువుతో భాగిస్తారు.

మేము ఐదు కోన్ల నుంచి చుట్టి తూచాం. 1.62 గ్రాములు వచ్చింది సరిగ్గా 40. తర్వాతివి 1.60, 1.66, 1.58, 1.64. అంటే 40.5, 39, 41, 39.5. సగటు 40 వచ్చింది కదా అని మేము సంతోషిస్తే సారు తల ఊపలేదు. 39 నంబరు కోను, 41 నంబరు కోను పక్కపక్కన నేతలో పడితే గుడ్డలో చార కనిపించవచ్చని, సగటు కంటే ఈ తేడాయే తాము చూసుకోవాల్సిందని చెప్పారు. అలా తేడా వస్తే వెనక్కి వెళ్లి డ్రాయింగ్ దగ్గర ఒక స్లైవర్ తెగిపోయి ఆరుకు బదులు ఐదే నడిచాయా అని వెతుకుతారట.

ఈ నూలులో కొంత కోన్ల మీద మరమగ్గాలకు, బనియన్ల కంపెనీలకు పోతుంది. చేనేతకు కోను పనికిరాదు. అద్దకానికి, గంజికి చిలపలే కావాలి. అందుకే మిల్లులు తమ నూలులో కొంత వంతు తప్పనిసరిగా చిలపల రూపంలో ఇవ్వాలన్న నిబంధన ఉంది. మన బాపట్ల జిల్లాలోనే చీరాల, జాండ్రపేట, వేటపాలెం మగ్గాలు అలాంటి చిలపల మీదే ఆధారపడ్డాయి. మగ్గం మనిషి చిలపకు రంగు వేసుకున్నాక బస్తా పోగు బయటపడితే దాన్ని చిమటాతో పీకి, తెగిన చోట ముడి వేసుకుంటాడు. మిల్లులో వదిలిన నిమిషం పని అక్కడ అతని రోజు కూలిలోంచి పోతుంది.

నాలుగో గమనిక: గాలి

రింగ్ ఫ్రేమ్ హాలు వేడిగా, తేమగా ఉంది. పంకా వేయొచ్చు కదా అన్నాం. ఆ తేమ కావాలనే పెడతారట. అక్కడ గాలిలో తేమను 55 నుంచి 60 శాతం మధ్య నిలుపుతారు. గాలి పొడిబారితే పీచులు విద్యుదావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుని ఎగురుతాయి, పోగులు తెగుతాయి. తేమ మరీ ఎక్కువైతే దూది రోలర్లకు చుట్టుకుంటుంది. అంటే ఆ హాలు వాతావరణం మనిషి కోసం కాదు, పీచు కోసం.

దుమ్ము సంగతి ఇంతకంటే ముఖ్యమైనది. రింగ్ ఫ్రేమ్ దగ్గర ఎగిరేది కంటికి కనిపించే దూది. ఊపిరితిత్తులకు చేటు చేసేది బ్లోరూమ్, కార్డింగ్ దగ్గర ఉండే కనిపించని సన్న దుమ్ము. ఏళ్ల తరబడి పీలిస్తే బిసినోసిస్ అనే జబ్బు వస్తుంది. దీన్ని గుర్తుపట్టే తీరు విచిత్రంగా ఉంటుంది. వారపు సెలవు తర్వాత పనిలోకి వచ్చిన మొదటి రోజే ఛాతీ బిగుసుకుంటుంది, దగ్గు, ఆయాసం వస్తాయి. రెండో రోజుకు తగ్గుతుంది కాబట్టి మనిషి జలుబనుకుని వదిలేస్తాడు. ఆ దశలోనే దుమ్ము లేని విభాగానికి మారితే తగ్గే అవకాశం ఉంది. ముదిరాక వారమంతా ఉంటుంది, తర్వాత పోదు. ఇది మన కార్మిక చట్టాల్లో వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్న జబ్బే. దుమ్ము పీల్చే గొట్టాలు మేము చూసిన మిల్లులో పనిచేస్తున్నాయి. మాస్కులు కూడా ఇచ్చారు. కానీ వేడికి కొందరు వాటిని గడ్డం కిందికి లాక్కున్నారు, ఇంకొందరు చీర కొంగు చుట్టుకున్నారు. కొంగు దూదిని ఆపుతుంది, సన్న దుమ్మును ఆపదు.

నేర్చుకున్నవి

కుట్టు శిక్షణ వాళ్లకు దక్కింది ఒక పరీక్ష. ముదురు రంగు గుడ్డ కొనేటప్పుడు కత్తిరించక ముందే వెలుతురుకు ఎదురుగా పట్టి బారున చూడాలి. తెల్ల గీత కనిపిస్తే సూది మొనతో ఆ పోగును లాగి చిమటాతో పట్టుకుని నిప్పు చూపాలి. పత్తి అయితే కాగితం కాలిన వాసన వచ్చి, ముట్టుకుంటే పొడయ్యే బూడిద మిగులుతుంది. బస్తా పోగు అయితే ముడుచుకుపోయి గట్టి పూస అవుతుంది. మేము తీసుకెళ్లిన ముక్కలో పోగు పూస అయింది. ఇలాంటి గుడ్డను కత్తిరించక ముందు తీసుకెళ్తే దుకాణదారు మారుస్తాడు, కత్తిరించాక మార్చడు. కత్తిరించేసి ఉంటే ఆ భాగాన్ని లోపలి పట్టీకో జేబుకో వాడుకోవడమే దారి. గీత మీద రంగు పూయడం దండగ, ప్లాస్టిక్‌కు ఆ రంగు పట్టదు. బాగా వేడి ఇస్త్రీ పెట్టెతో కూడా జాగ్రత్త, ఆ పోగు కరిగి పక్క పోగులకు అంటుకుంటుంది.

పొలాలున్న ఇళ్ల నుంచి వచ్చిన మా మిత్రులు ఇంట్లో చెప్పే మాట కూడా ఒకటి దొరికింది. కొత్త సంచులు కొనలేకపోతే పాత నూలు దుప్పటి, పాత ధోవతి కుట్టి పత్తి తీతకు వాడవచ్చు. బస్తా తప్పనిసరైతే దాన్ని కత్తితో కోయకుండా కుట్టు విప్పి తీయాలి, పోగులన్నీ ఆ కోసిన అంచు నుంచే వస్తాయి. తల మీద గుడ్డ కట్టుకుని, మంచు ఆరాక తీయాలి. దేశంలో 2000లో మొదలైన పత్తి సాంకేతిక మిషన్ జిన్నింగ్ మిల్లులను బాగు చేయడానికి చాలా చేసింది. కానీ పోగు చేలోనే పత్తిలో చేరుతోంది. శుభ్రమైన పత్తికి నాలుగు రూపాయలు ఎక్కువ ఇచ్చే కొనుగోలుదారు వచ్చేదాకా ఈ సంచి మాట ఎంతమంది వింటారో చెప్పలేం.

దాతలు మమ్మల్ని ముందే అడిగిన సంగతి, మన పిల్లలకు అక్కడ పని దొరుకుతుందా అని. దొరుకుతుంది. పోగులు అతికే పనికి, కోన్లు మార్చే పనికి మనుషులు ఎప్పుడూ కావాలన్నారు. మూడు షిఫ్టులు, రోజంతా నడక, వేడి, హోరు. తెనాలి నుంచి రోజూ వెళ్లి రావడం కష్టం, రేపల్లె నుంచి అసలు కుదరదు, అక్కడే ఉండాలి. మా బృందంలో ఇద్దరే దానికి సరేనన్నారు. వాళ్లు చేరేముందు ఊపిరితిత్తుల పరీక్ష చేయించి కాగితం దాచుకోవాలని, ఈఎస్ఐ కార్డు మొదటి నెలలోనే అడిగి తీసుకోవాలని, బ్లోరూమ్‌లో వేస్తే సెలవు తర్వాతి రోజు ఛాతీ ఎలా ఉందో గమనించుకోవాలని మేమంతా చెప్పాం. ఐటీఐలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ చేసిన వాళ్లకు యంత్రాల మరమ్మతు విభాగంలో దీనికంటే మెరుగైన చోటు ఉంది.

ల్యాబు వదలని తమ్ముళ్లకు సారు ఇంకో దారి చెప్పారు. పొన్నూరు పక్క నిడుబ్రోలుకు చెందిన చేనేత నాయకుడు ప్రగడ కోటయ్య గారి పేరిట వెంకటగిరిలో చేనేత సాంకేతిక విద్యాసంస్థ ఉంది. పదో తరగతి తర్వాత మూడేళ్ల డిప్లొమా. నూలు నంబరు, అద్దకం, నేత అన్నీ అక్కడ నేర్పుతారు. వచ్చే ఏడాది పదో తరగతి రాస్తున్న ఇద్దరు పిల్లలు ఆ దరఖాస్తు వివరాలు తెప్పించమని సొసైటీ కార్యదర్శి గారికి కాగితం రాసి ఇచ్చారు.